లంక వేరుశనగ: ఆకు ఫోటోలో తుప్పును, తిక్క మచ్చను పోల్చుకునేటప్పుడు జాగ్రత్తలు

గోదావరి లంకల్లో వేసిన రబీ వేరుశనగకు సంక్రాంతి ముందూ వెనకా మంచు ఎక్కువగా పడుతుంది. ఆకు తడి పొద్దెక్కేదాకా ఆరదు. తుప్పు తెగులు, తిక్క ఆకుమచ్చ తెగులు రెండింటికీ ఈ తడే కావాలి. అందుకే రెండూ ఒకే చేలో, చాలాసార్లు ఒకే ఆకు మీద కలిసి కనిపిస్తాయి. ఈ రోజుల్లో ఫోటో పంపి మందు అడిగే రైతులు చాలామంది. ఆ ఫోటోలో తుప్పు కనబడకపోతే పొరపాటు మందులో తేలుతుంది. కార్బెండజిమ్ ఆకుమచ్చ మీద పనిచేస్తుంది కానీ తుప్పును ఆపదు. అది ఒక్కటే కొడితే మచ్చలు తగ్గినట్టు అనిపిస్తాయి, తుప్పు మాత్రం పైకి పాకుతూనే ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఆకును పైనుంచి మాత్రమే ఫోటో తీయడం. తుప్పు పొక్కులు ముఖ్యంగా ఆకు అడుగున లేస్తాయి. పైన వాటికి ఎదురుగా గుండుసూది తలంత పసుపు చుక్క మాత్రమే ఉంటుంది. పైనుంచి తీసిన ఫోటోలో దాన్ని ఏదో పోషక లోపం అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఒకే ఆకును పైనుంచి ఒకటి, తిప్పి అడుగునుంచి ఒకటి, వెంట వెంటనే తీయండి. రెండూ ఒకే ఆకువని తెలిసేలా ఆకును తెల్ల కాగితం మీద పరిచి, పక్కన మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు పెట్టండి. పొక్కు వెడల్పు సాధారణంగా మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. తిక్క మచ్చ అంతకన్నా చాలా పెద్దది, కొన్ని మచ్చలు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతాయి. స్కేలు లేకపోతే దగ్గరగా తీసిన పొక్కూ, దూరంగా తీసిన మచ్చా ఒకేలా కనిపిస్తాయి.

తెల్ల కాగితంతో ఇంకో పని కూడా ఉంది. సాయంత్రపు ఎండలో గోధుమ రంగు మచ్చ కూడా నారింజ రంగుకు తిరుగుతుంది. ఫోటోలో కాగితమే పసుపుగా వచ్చిందంటే ఆ రంగును నమ్మకూడదు. మంచు ఆరిన తర్వాత, మీ నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. తడి ఆకు మీద మెరుపు పొక్కును మింగేస్తుంది. ఫోన్‌ను ఆకుకు ఆనించినంత దగ్గరగా పెడితే మసకబారుతుంది. జానెడు దూరంలో పట్టుకుని, ఆకు మీద వేలితో తాకి ఫోకస్ కుదిరాక తీసి, తర్వాత కత్తిరించుకోవచ్చు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే వివరం తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు డెబ్బై రోజుల చేనులోంచి వచ్చిన ఒక ఆకును చదువుదాం. పైనుంచి తీసిన ఫోటోలో ఆరు గుండ్రటి ముదురు మచ్చలు, వాటి మధ్య చిన్న పసుపు చుక్కలు. ఇంతవరకు చూస్తే తిక్క అని ముగించేయవచ్చు. అడుగు ఫోటోలో ఆ మచ్చలు దాదాపు నల్లగా, గరుకుగా ఉన్నాయి. ఇది ఆలస్యంగా వచ్చే తిక్క లక్షణం. ముందుగా వచ్చే తిక్క మచ్చ పైన ఎర్ర గోధుమ రంగులో ఉండి, చుట్టూ పసుపు వలయం స్పష్టంగా కనబడుతుంది, అడుగున ఇంత నల్లబడదు. ఇక పసుపు చుక్కలకు సరిగ్గా అడుగున చిన్న ఉబ్బులు, కొన్ని పగిలి నారింజ పొడి రాల్చుతున్నాయి. అంటే తుప్పు కూడా చేరింది. ఇక్కడ కార్బెండజిమ్ ఒక్కటే చాలదు. క్లోరోథాలోనిల్ లీటరుకు 2 గ్రాముల చొప్పున రెండింటి మీదా పనిచేస్తుంది. డబ్బా మీద వేరుశనగకు రాసిన మోతాదునూ, కోతకు ముందు ఆగాల్సిన రోజులనూ చూసుకునే కొట్టాలి.

అడుగు ఆకుల మీద చింది ఎండిన లంక మట్టి కూడా ఫోటోలో అచ్చం పొక్కుల్లాగే ఉంటుంది. అందుకని మూడో ఫోటో కావాలి. ఆకు అడుగున తెల్లగుడ్డతో మెల్లగా తుడిచి, గుడ్డనూ, తుడిచిన చోటునూ కలిపి తీయండి. మట్టి అయితే వేళ్ల మధ్య గరగరలాడుతుంది, తడిగుడ్డతో ఆకు శుభ్రపడుతుంది. తుప్పు అయితే మెత్తటి నారింజ పొడి అంటుకుంటుంది, పగిలిన పొర అంచు ఆకు మీదే మిగిలిపోతుంది.

అన్నిటికంటే పాడైన ఆకునే ఏరి పంపడం మనిషికి సహజం. కానీ దాన్ని బట్టి తీవ్రత చెప్పలేం. చేను నాలుగు మూలలా, నడుమ కలిపి ఐదు చోట్ల, చోటుకు రెండు మొక్కలు తీసుకుని, ప్రతిదాంట్లో కింద, మధ్య, పై ఆకులను విడిగా తీయండి. మొత్తం మొక్క ఫోటో కూడా ఒకటి చేర్చండి. తిక్క ముదిరితే కింది ఆకులు రాలి కాండం బోసిపోతుంది. తుప్పు పట్టిన ఆకులు మాత్రం ఎండినా చాలావరకు మొక్కను వదలవు. నేల మీద రాలిన ఆకులు ఎన్ని ఉన్నాయో దగ్గరి ఫోటో చెప్పదు. ముదురు గోధుమ రంగుకు మారిన పాత పొక్కులను చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. కొట్టిన తర్వాత వచ్చిన కొత్త ఆకుల అడుగున పొక్కులు లేస్తున్నాయా అన్నదే చూడాలి. అందుకు పది, పన్నెండు రోజుల తర్వాత అవే చోట్ల మళ్లీ తీయండి.