అగ్రిమెంటు గడువు పెంచమని అడిగే ముందు

సంక్రాంతిలోపు రిజిస్ట్రేషన్ అనుకున్నవాళ్లు చాలామంది ఇప్పుడు బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. ఉదాహరణకి అమలాపురంలో 40 లక్షల ఇల్లు, అమ్మేది ఒక అన్నగారు, ఆయన చెల్లెలుగారు, అడ్వాన్సు 5 లక్షలు, గడువు నవంబరు 30. లోన్ లీగల్ ఒపీనియన్ దగ్గర ఆగింది.

• గడువు దాటకముందే, పెంచమని అమ్మేవాళ్లకి రాసి ఇవ్వండి. ఫోన్లో "పర్లేదులెండి, చూద్దాం" అన్న మాట పట్టుకుని కూర్చుంటే, రేపు ఎక్కువ ధర వచ్చినప్పుడు అడ్వాన్సు జప్తు షరతే బయటికొస్తుంది.

• "లోన్ వచ్చాక" అని కాదు, తేదీ రాయండి. శాంక్షన్ అయ్యాక కూడా డీడీకి, స్లాట్‌కి రోజులు పడతాయి. మధ్యలో పండగ సెలవులు. కాబట్టి జనవరి 31 అడగడమే మేలు.

• ఆలస్యం ఎక్కడో చూపించండి. బ్యాంకు అడిగిన పాత లింకు డాక్యుమెంటు అమ్మేవాళ్లే ఇవ్వాల్సి ఉంటే, ఎప్పుడు అడిగారో కూడా రాయండి. బ్యాంకు లెటర్ కాపీ జత చేయండి.

• మిగతా 35 లక్షల లెక్క చెప్పండి: లోన్ 28, చేతిలో 7. ఆ 7కి బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. కొనడానికి మీరు సిద్ధంగానే ఉన్నారనడానికి అదే రుజువు.

• ధర, అడ్వాన్సు, మిగతా షరతులు మారవని ఒక వాక్యం ఉండాలి. అదనంగా డబ్బు కడితే చెల్లు రాయించుకోండి.

• ఒప్పుకున్నాక అగ్రిమెంటులో సంతకం చేసినవాళ్లందరూ మళ్లీ చేయాలి, హైదరాబాదులో ఉన్న చెల్లెలుగారితో సహా. అన్నగారి ఒక్క సంతకం చాలదు. అగ్రిమెంటు రిజిస్టరైతే పొడిగింపు ఎలా రాయాలో లాయరుగారిని అడగండి.