డెమో క్లాసు మధ్యలోనే "చాలు మేడం" అంటున్నారా?

సమస్య: ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగానికి డెమో ఇస్తుంటే, అసలు విషయంలోకి రాకముందే ప్రిన్సిపాల్ గడియారం చూసి "చాలు మేడం, కూర్చోండి" అంటారు.

కారణం: డెమోకు ఇచ్చేది మామూలుగా పది, పదిహేను నిమిషాలు. మనమేమో బీఎడ్ రికార్డులో రాసిన పీరియడ్ మొత్తం లెసన్ ప్లాన్ పట్టుకుపోతాం. నల్గొండలో నా మొదటి డెమో అలాగే పోయింది. భిన్నాల కూడిక చెప్పమన్నారు. లవం, హారం, భిన్నాల రకాలు చెప్పేసరికే టైం అయిపోయింది. కూడిక దాకా రానేలేదు.

పరిష్కారం: పాఠం మొత్తం వద్దు, పిల్లలు చేసే ఒక్క తప్పును ఎంచుకోండి. బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఎంతని అడగండి. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 అనేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వెంటనే తప్పు అనకండి. "సగం రొట్టె తిన్నావు, తర్వాత ఇంకో మూడో వంతు తిన్నావు. మొత్తం సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడగండి. ఎక్కువే అంటారు. మరి 2/5 సగం కంటే తక్కువ కదా! అక్కడ క్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు ఆరు సమాన మడతల కాగితం పట్టీ తీయండి. సగానికి మూడు గళ్లు, మూడో వంతుకు రెండు, మొత్తం 5/6. పట్టీని ఇంట్లోనే మడిచి పెట్టుకోండి, చేతులు వణుకుతుంటే మూడు సమాన మడతలు రావు.

లెసన్ ప్లాన్ ఒక్క పేజీ చాలు: ప్రశ్నకు 2 నిమిషాలు, పట్టీకి 5, పిల్లలు సొంతంగా చేసే లెక్కకు 3. ఒక జిరాక్స్ ప్రిన్సిపాల్ చేతికివ్వండి.

సమస్య: "అర్థమైందా?" అంటే అందరూ "అర్థమైంది టీచర్" అన్నారు, అయినా ఫోన్ రాలేదు.

కారణం: ఆ జవాబుతో ఏమీ తెలియదు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలుసు.

పరిష్కారం: 1/2 + 1/5 ఇచ్చి బెంచీల మధ్య తిరగండి. 7/10 బదులు 2/7 రాసిన నోటుబుక్కు దగ్గర ఆగండి. పిల్లలు లేకుండా ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ బెంచీల్లో కూర్చుంటే వాళ్లనే అడగండి. కావాలనే తప్పు జవాబు చెప్పి మీరేం చేస్తారో చూసేవాళ్లూ ఉంటారు.

సమస్య: ఇంటర్వ్యూలో "డీఎస్సీ పడితే వెళ్లిపోతారా?" అనగానే నోరు పెగలదు.

కారణం: వాళ్ల భయం మీ డీఎస్సీ గురించి కాదు, నవంబర్‌లో టీచర్ లేని క్లాసు గురించి.

పరిష్కారం: రాయనని అబద్ధం చెప్పొద్దు. "రాస్తాను సార్. ఉద్యోగం వస్తే ముందే చెప్పి, సిలబస్ ఎక్కడిదాకా అయిందో రాసిచ్చి వెళ్తాను" అనండి. ఆ భయంతోనే కొందరు ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టి వెళ్లమంటారు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం వెంట తెచ్చుకోండి.