పుల్లపురుగును పట్టుకోకుండా కనిపెట్టడం ఎలా?

విశాఖలో కొండవాలున ఇల్లుండి, పెరట్లో జామచెట్టుంటే వర్షాకాలంలో ప్రయత్నించండి. కంబాలకొండ అభయారణ్యంలోకి రాత్రిపూట వెళ్లే ఆలోచన వద్దు. కావలసింది చేతి టార్చి, పాముల భయానికి బూట్లు, అంతే. తలకు కట్టుకునే లైటు నేనొప్పుకోను, ఎందుకో కింద చెప్తాను.

పగలే చెట్టు చూసుకోండి. అంచునుంచి కొరికిన ఆకులు, కింద ఎండిన చిన్న గొట్టాల్లాంటి రెట్టలు ఉంటే ఆ కొమ్మ గుర్తుపెట్టుకోండి. కొరికిన అంచు ఇంకా పచ్చగా ఉంటే నిన్న రాత్రి తిన్నదన్నమాట. పగలు పురుగును వెతకడం దండగ. ముందుకాళ్లు రెండూ సూటిగా చాచి, తలను వాటి మొదట్లో ఉండే వంపులో దాచేసుకుంటుంది, ఇక పుల్లే. చీకటి పడ్డాక మేతకు కదులుతుంది, కాళ్లు విప్పుతుంది.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. లైటు కళ్ల దగ్గరుంటే నీడ పురుగు వెనకే పడుతుంది, మనకు కనబడదు. పుల్ల వేషానికి తోడు నీడ కనబడకపోవడం కూడా దానికి కలిసొస్తుంది. హార్బర్‌లో కానాగర్త చేపను చూడండి, వీపు ముదురు, పొట్ట వెండి తెలుపు. పైనుంచి పడే ఎండ వీపును వెలిగిస్తే, లేత పొట్ట నీడను సరిచేస్తుంది, చేప గుండ్రంగా కాక పల్చగా అనిపిస్తుంది. అదే చేపకు పక్కనుంచి లైటు వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే టార్చిని చేయి చాపి, కొమ్మకు పక్కగా, కాస్త కిందనుంచి పట్టుకుని మెల్లగా జరపండి. కళ్లు పుల్లల మీద కాదు, వెనక ఆకుల మీద జారే నీడల మీద ఉండాలి. నిజమైన పుల్ల నీడ కొమ్మలో కలుస్తుంది. పురుగు నీడకు మధ్యలో సందులుంటాయి, కాళ్లు జతలు జతలుగా కనబడతాయి.

ఒకసారి మావాడు మిలిటరీ మచ్చల ప్యాంటు వేసుకొచ్చాడు, ‘కనబడకుండా ఉందాం బావా’ అంటూ. ఆ మచ్చలు ఒంటి అంచును ముక్కలు చేస్తాయి, నిజమే, కదలకుండా ఉన్నంతసేపు. వాడు దోమలు కొట్టుకుంటూ గంతులేశాడు. పైగా పురుగు కోసం కొమ్మ దులిపాడు. ఆ నీడలో రెండు కాళ్లు చూసి నేను చెప్పేలోపే వేళ్లతో లాగాడు. కాలు ఊడి చేతికొచ్చింది, పురుగు ఆకుల్లో పడి మాయమైంది. పిల్ల పురుగైతే కుబుసాలు విడిచే కొద్దీ ఆ కాలు మళ్లీ వస్తుంది. పెద్దదానికి ఇక కుబుసం ఉండదు, ఆ కాలు పోయినట్టే.

అనుమానం తీరకపోతే మెల్లగా ఊదండి, చాలు. పుల్ల ఊగి వెంటనే ఆగుతుంది. పురుగు చాలాసార్లు గాలి ఆగాక కూడా పక్కలకు ఇంకాస్త ఊగుతుంది. ఊగకపోయినా లాగొద్దు, టార్చి ఆర్పి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. పుల్ల అక్కడే ఉంటుంది.