రీఫండ్ మెయిల్‌లో బాధ కాదు, ఆధారం రాయండి

మొన్న నల్గొండకు తెప్పించుకున్న మిక్సీ జార్ అడుగున పగిలి వచ్చింది. "చాలా ఇబ్బందిగా ఉంది, దయచేసి చూడండి" అని మెయిల్ పెడితే "మీ ఓపికకు ధన్యవాదాలు" అని జవాబు. ఆ ఓపిక నాకెక్కడిది!

రెండోసారి ఇట్లా రాసిన: "ఆర్డర్ నంబర్ ఇది. 4వ తారీఖు అందింది, అదే రోజు ఫిర్యాదు చేశాను. పగులు, అట్టపెట్టె మీది లేబుల్ ఒకే ఫొటోలో ఉన్నాయి. పాడైన వస్తువుకు 7 రోజుల్లో రీఫండ్ అని మీ పాలసీలోనే ఉంది, స్క్రీన్‌షాట్ జతచేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకు వాపసును అమ్మకందారు నిరాకరించకూడదు. రూ.2,899 మొత్తం నేను కట్టిన యూపీఐ ఖాతాకే 20వ తారీఖులోగా వేయండి. వాలెట్ పాయింట్లు, కూపన్ వద్దు."

చివరి రెండు వాక్యాలు మరిచిపోతే కూపన్ అంటగడతారు.

దీన్ని కస్టమర్ కేర్‌కు కాక సైట్‌లో పేరున్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపాలి. ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రంగు నచ్చలేదంటే మాత్రం ఈ నిబంధన పనికిరాదు, వాళ్ల పాలసీయే దిక్కు.