కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగ్ – నాలుగవ పాఠం: బేస్ కర్వ్ పక్కనే ఉన్న రెండో అంకె

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి చెప్పదలచుకున్న టోరిక్ లెన్స్ తిరుగుడు సంగతిని వచ్చే పాఠానికి జరపక తప్పలేదు. ప్రశ్న చిన్నదే. కార్నియా వెడల్పు 12.2 మిల్లీమీటర్లు ఉన్న ఒక కంటిలో బేస్ కర్వ్ 8.6, డయామీటర్ 14.0 ఉన్న మెత్తటి ట్రయల్ లెన్స్ పెట్టి పావుగంట ఆగి చూశాం. రెప్ప వేసిన ప్రతిసారీ లెన్స్ ఒక మిల్లీమీటరుకు పైగా కదులుతోంది, పైకి చూడమంటే కిందికి జారిపోతోంది, కింది రెప్పకు అంచు తగులుతోందని ఆ వ్యక్తి అంటున్నాడు. లెన్స్ వదులుగా ఉందని అందరూ సరిగానే గుర్తించారు. తరువాత ఏ లెన్స్ చేతికి తీసుకోవాలన్న చోటనే నాలుగు దారులు పట్టారు.

ఎక్కువ మంది 8.8 తీసుకున్నారు. అంకె పెరిగితే పట్టు పెరుగుతుందని అనుకున్నారన్నమాట. బేస్ కర్వ్ అనేది లెన్స్ వెనుక వైపు ఏ గోళంలోంచి తీసిన ముక్కలా ఉందో ఆ గోళపు వ్యాసార్థం, మిల్లీమీటర్లలో. చెంబు పక్కనుంచి తీసిన ముక్క కంటే గుండిగ పక్కనుంచి తీసిన ముక్క చదునుగా ఉంటుంది. కాబట్టి అంకె పెద్దదైతే లెన్స్ చదునవుతుంది, మిగతావి మారకపోతే ఇంకా వదులవుతుంది. ఈ పొరపాటు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. కెరటోమీటర్ కార్నియా వంపును డయాప్టర్లలో కూడా చూపిస్తుంది, అక్కడ 43.00 కంటే 45.00 ఎక్కువ వంపు. అదే కొలతలను మిల్లీమీటర్లలో చూస్తే 7.85, 7.50 అవుతాయి, అంటే దిశ తిరగబడుతుంది. ఈ తికమక పడలేక నేను నా కాగితాల్లో కార్నియా వంపును మిల్లీమీటర్లలో తప్ప రాసుకోను. మీరూ అలాగే రాసుకోమని నా సలహా.

రెండో వర్గం డయామీటర్ మార్చకుండా 8.4 తీసుకుంది. దిశ సరైనదే. మూడో వర్గం 8.4 తో పాటు డయామీటర్ కూడా 14.2 కు పెంచింది. నాలుగో వర్గం 8.8 తీసుకుని, దానికి తోడు డయామీటర్ 14.2 చేసింది. ఈ నాలుగో జవాబు దగ్గరే నాకు ఓపిక నశించింది. వాళ్ళు రెండు అంకెలు మార్చి, దాదాపు అదే ఫిట్టింగును కొత్త డబ్బాలో పెట్టి పంపారు. ఎలాగో చూడాలంటే లెన్స్‌ను బోర్లించిన గిన్నెలా తలచుకోవాలి. కంటి మీద అది ఎంత బిగువుగా కూర్చుంటుందో నిర్ణయించేది గిన్నె వంపు ఒక్కటే కాదు, గిన్నె లోతు. ఒకే వంపుతో అంచును ఇంకాస్త దూరం పొడిగిస్తే గిన్నె లోతు పెరుగుతుంది. ఆ లోతును ఈ సూత్రంతో లెక్క కట్టవచ్చు. ఇందులో r బేస్ కర్వ్, y డయామీటరులో సగం.

```
s = r − √(r² − y²)
```

మన ట్రయల్ లెన్స్ 8.6, 14.0 లోతు 3.60 మిల్లీమీటర్లు. వంపు పెంచి 8.4 చేస్తే, డయామీటర్ 14.0 గానే ఉన్నా లోతు 3.76 అవుతుంది. వంపు ముట్టుకోకుండా డయామీటర్ 14.2 చేస్తే లోతు 3.75. అంటే 0.2 మిల్లీమీటర్ల డయామీటర్, 0.2 మిల్లీమీటర్ల బేస్ కర్వ్ చేసే పనినే ఇంచుమించుగా చేస్తోంది. ఇప్పుడు నాలుగో వర్గం లెన్స్, అంటే 8.8, 14.2 చూడండి. లోతు 3.60. ఒక చేత్తో వదులు చేసి రెండో చేత్తో బిగించారు, లెన్స్ మొదట ఉన్నంత వదులుగానే మిగిలింది. మూడో వర్గం లెన్స్ 8.4, 14.2 లోతు 3.91. ఒక మెట్టు ఎక్కాల్సిన చోట రెండు మెట్లు ఒకేసారి ఎక్కేశారు.

ఈ కంటికి నేనైతే 8.6, 14.2 తీసుకుంటాను. లోతు పరంగా 8.4, 14.0 కూ దీనికీ తేడా లేకపోయినా, కార్నియా 12.2 వెడల్పు ఉన్నప్పుడు 14.0 లెన్స్ సరిగ్గా నడిమధ్యన కూర్చున్నా ఒక్కో పక్క 0.9 మిల్లీమీటర్లే మిగులుతుంది. కొంచెం పక్కకు జరిగితే చాలు, అంచు నల్లగుడ్డు సరిహద్దు మీదికి వచ్చి ఒరుసుకుంటుంది. ఒక్కో పక్క కనీసం ఒక మిల్లీమీటరు తెల్లగుడ్డు మీదికి వెళ్ళాలన్నది నేను పెట్టుకున్న హద్దు. కాబట్టి వెడల్పాటి కార్నియా కనిపించినప్పుడు ముందు డయామీటర్ గురించి, ఆ తరువాతనే బేస్ కర్వ్ గురించి ఆలోచించండి.

ఈ లెక్కకూ హద్దు ఉంది. అసలు లెన్స్ వెనుక వైపు అంతా ఒకే గోళం కాదు, మెత్తటి లెన్స్ కంటి ఆకారానికి వంగుతుంది, ఒక్కో రకం లెన్స్ పదార్థం ఒక్కో గట్టిదనంతో ఉంటుంది. అందువల్ల ఒక తయారీ 8.6, 14.2 కూ ఇంకో తయారీ 8.6, 14.2 కూ ఒకే ఫిట్టింగ్ వస్తుందని నమ్మకూడదు. లెక్క దిశను మాత్రమే చెబుతుంది. తీర్పు చెప్పేది స్లిట్ ల్యాంప్. కొన్ని రకాల లెన్సులు ఒకే బేస్ కర్వ్‌లో వస్తాయి. వాటిలో ఫిట్టింగ్ కుదరకపోతే రకమే మార్చాలి.

మూడో వర్గం వారు తమ లెన్స్ బిగువైపోయిందని ఎలా గుర్తిస్తారు? పెట్టుకున్న మనిషిని అడిగి కాదు. బిగువైన లెన్స్ మొదటి గంటలో చాలా హాయిగా ఉంటుంది, కదలదు కాబట్టి రెప్పకు తెలియదు. ఫిర్యాదు సాయంత్రానికి ఎర్రబడిన కన్నుగా వస్తుంది. మెత్తటి లెన్స్ తిన్నగా చూస్తున్నప్పుడు రెప్ప వేయగానే పావు నుంచి అర మిల్లీమీటరు వరకు కదిలితే నాకు తృప్తి. అంతకంటే నమ్మదగిన పరీక్ష, కింది రెప్ప అంచుతో లెన్స్‌ను మెల్లగా పైకి నెట్టి వదలడం. సులువుగా జరిగి, తొందరగా, సాఫీగా వెనక్కి వస్తే మంచిది. నెట్టినా మొండికేస్తే బిగువు. నెట్టకముందే జారిపోతే వదులు. చూపు కూడా సాక్ష్యం చెబుతుంది. రెప్ప వేసిన క్షణంలో తేటపడి మళ్ళీ మసకబారితే బిగువును అనుమానించండి, రెప్ప వేయగానే మసకబారి ఆ తరువాత కుదురుకుంటే వదులును అనుమానించండి. లెన్స్ తీశాక తెల్లగుడ్డు మీద అంచు గుర్తు వలయంలా మిగిలితే ఇక అనుమానం అక్కరలేదు. అప్పుడు ఫ్లోరెసిన్ వేసి కార్నియాను చూడటం మరవకండి. లెన్స్ కంటిలో ఉండగా వేస్తే ఆ రంగు లెన్స్‌కు పట్టుకుంటుంది.

ఇక రెండో తగాదా పవర్‌తో. అభ్యాసంలోని వ్యక్తి కళ్ళద్దాల చీటీలో −7.00 స్ఫియర్, −2.00 సిలిండర్, 180 యాక్సిస్ ఉంది. చాలామంది ఆ అంకెలనే లెన్స్ ఆర్డరులోకి ఎత్తి రాశారు. కొందరు స్ఫియర్ తగ్గించి సిలిండరును అలాగే ఉంచారు. కళ్ళద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరాన ఉంటుంది, కాంటాక్ట్ లెన్స్ కంటి మీదే ఉంటుంది. మైనస్ అద్దాన్ని కంటికి దగ్గర చేసేకొద్దీ దాని ప్రభావం పెరుగుతుంది. పవర్ చాలని కళ్ళద్దాలను వేలితో ముక్కుకు నొక్కి పట్టి దూరంగా ఉన్న అక్షరాలు చదివేవారిని మీరు చూసే ఉంటారు. ఆ 12 మిల్లీమీటర్లు పోయినప్పుడు మైనస్ తక్కువ చాలు, ప్లస్ అయితే ఎక్కువ కావాలి.

పుస్తకాల్లోని సూత్రాన్ని నేను వాడను. దానిలోని గుర్తులు తప్పుతాయి. నా పద్ధతి ఇది. 1000 ని పవర్ అంకెతో భాగిస్తే అద్దం నుంచి ఎంత దూరంలో కంటి చూపు సహజంగా తేలుతుందో మిల్లీమీటర్లలో వస్తుంది. మైనస్ అయితే ఆ బిందువు కంటికి ముందుంటుంది కాబట్టి 12 కలపండి, ప్లస్ అయితే కంటి వెనుక ఉంటుంది కాబట్టి 12 తీసేయండి. వచ్చినదానితో మళ్ళీ 1000 ని భాగించండి. −3.00 కు ఇలా చేస్తే 2.90 వస్తుంది, పావు మెట్టు కూడా మారదు. అందుకే 4.00 కంటే తక్కువ పవర్లలో ఈ శ్రమ పడనవసరం లేదు.

మన చీటీలో రెండు దిశలు ఉన్నాయి, ఒకదానిలో −7.00, రెండోదానిలో రెండూ కలిపి −9.00. ఈ రెండింటినీ విడివిడిగా మార్చాలి, సిలిండరును విడిగా ముట్టుకోకూడదు. 1000 ని 7 తో భాగిస్తే 142.9, దానికి 12 కలిపితే 154.9, మళ్ళీ భాగిస్తే 6.46. రెండో దిశలో 111.1 కు 12 కలిపితే 123.1, భాగిస్తే 8.12. ఈ రెండింటి తేడా 1.66. అంటే కంటి మీద కావలసింది −6.46, దానితో సుమారు −1.66 సిలిండర్. చీటీలో 2.00 ఉన్న సిలిండర్ మూడోవంతు డయాప్టర్ తగ్గింది. టోరిక్ లెన్సులు సాధారణంగా 0.75, 1.25, 1.75, 2.25 సిలిండర్లలో దొరుకుతాయి కాబట్టి ట్రయల్‌కు −6.50, −1.75, 180 తీసుకుంటాం. చీటీని ఎత్తి రాసినవారు ఈ మనిషికి అర డయాప్టర్ ఎక్కువ మైనస్ పెట్టారు. చిన్న వయసువాడైతే కంటి లోపలి కండరాన్ని బిగించి దూరం చూసేస్తాడు, అక్షరాల చార్టు దగ్గర తప్పు దొరకదు, చదువుతున్నప్పుడు కళ్ళు లాగుతున్నాయని వారం తరువాత వస్తాడు. అందుకే ట్రయల్ లెన్స్ కుదురుకున్నాక దాని మీద మళ్ళీ రిఫ్రాక్షన్ చేసి, అక్కడ తేలిన తేడాను కలిపిన తరువాతనే ఆర్డర్ రాయాలి.

కాంటాక్ట్ లెన్స్ చీటీలో పవరుతో పాటు బేస్ కర్వ్, డయామీటర్, లెన్స్ రకం ఎందుకు రాస్తారని ఒకరు అడిగారు. ఇంతవరకు చదివినవారికి ఆ జవాబు వేరే చెప్పనవసరం లేదు.

అభ్యాసం ఒక్కటే, కానీ పూర్తిగా చేయాలి. కళ్ళద్దాలు +7.00 స్ఫియర్, −2.50 సిలిండర్, 90 యాక్సిస్, కంటి నుంచి అద్దం దూరం 14 మిల్లీమీటర్లు. కార్నియా వెడల్పు 11.2. కంటిలో ఉన్న ట్రయల్ లెన్స్ 8.4, 14.2. అది రెప్పతో కదలడం లేదు, కింది రెప్పతో నెట్టినా కదలడానికి మొరాయిస్తోంది. మీ దగ్గర 8.4, 14.0 తో పాటు 8.6, 14.2, 8.8, 14.2, 8.8, 14.5 ఉన్నాయి. నాలుగింటి లోతులూ లెక్కకట్టి, ఏది ముందు పెడతారో, దేనిని ఎందుకు వదిలేస్తారో రాయండి. పవర్ లెక్కలో సిలిండర్ ఈసారి పెరిగిందో తగ్గిందో చూసి, కారణాన్ని రెండు వాక్యాలలో చెప్పండి.