లైనింగ్ కన్సల్టెంట్‌గా సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

వరంగల్ వైపు కాకతీయ కాలువ కింద డిస్ట్రిబ్యూటరీ లైనింగ్‌కు సూపర్విజన్ ఒప్పుకునే ముందు, స్కోప్‌లో "పర్యవేక్షణ" అని ఒక్క మాట రాసి వదిలేశారేమో చూడండి. ఆ మాటతోనే తర్వాత అన్నీ మన నెత్తిన పడతాయి.

మొదట, ఏ దశలో పని ఆపే అధికారం మీకుందో రాయించుకోండి. నల్లరేగడి ఉన్నచోట దాన్ని కొంత లోతు తీసేసి, ఉబ్బని మట్టి పొరలుగా వేసి రోలింగ్ చేయాలి. కాంక్రీటు పడ్డాక ఆ పొర కనబడదు, కాబట్టి మీరు లెవెల్స్, డెన్సిటీ టెస్ట్ చూసి సంతకం పెట్టేదాకా కాంక్రీటు పోయకూడదని ఉండాలి. లేకుంటే రెండో వానాకాలానికే వాలు మీద పొడుగు పగుళ్లొస్తాయి, అప్పుడు అడిగేది మిమ్మల్నే.

మందం సంగతి ఇంకా ముఖ్యం. కిలోమీటరు పొడవు, లైనింగ్ చుట్టుకొలత 6 మీటర్లు, మందం 75 మి.మీ. అనుకోండి. సగటున 60 మి.మీ. పడితే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు లేనట్టే! ఎండిన స్లాబ్ పైకి ఎంత నున్నగా ఉన్నా ఇది తెలియదు. పోసేటప్పుడే పుల్ల గుచ్చి చూడాలి, గట్టిపడ్డాక కోర్ తీయాలి. కోర్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి (మా దగ్గర రెండు నెలలు గొడవ దీని మీదే).

ఇచ్చే రిపోర్టుల్లో నెలవారీ ఫోటోలకన్నా సంతకాలున్న పోర్ కార్డులు, 28 రోజుల క్యూబ్ ఫలితాలు అసలువి. కొలతల పుస్తకంలో రాసేది డిపార్ట్‌మెంట్ ఇంజినీరే, మీరు కాదు. అది కూడా రాతలో ఉండాలి.