5,000 డాలర్లు పంపితే 4,965 చేరింది: ఆ 35 రాబట్టే తీరు

విదేశం నుంచి వైర్ చేసిన డబ్బు ఇలా తగ్గి చేరినప్పుడు, అది చేరిన బ్యాంకుతో వాదించేముందు, పంపిన వాళ్ల దగ్గర నుంచి బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే SWIFT పేమెంట్ మెసేజ్ కాపీ తెప్పించుకోవాలి. రసీదు సరిపోదు. ఆ మెసేజ్‌లో, ఫీజులు ఎవరు భరించాలో చెప్పే 71A దగ్గర ఏముందన్నదే అసలు సంగతి.

SHA అని, అంటే ఫీజులు ఇరుపక్షాలూ పంచుకోవాలని ఉంటే, దారిలోని బ్యాంకులు తమ ఫీజు అసలులోంచే కోసుకోవచ్చు. అది తప్పు కాదు కాబట్టి బ్యాంకు తిరిగివ్వదు, పంపినవాళ్లనే అడగాలి. 35 డాలర్లను విడిగా వైర్ చేయించుకోవద్దు, దానిలోనూ కోత పడుతుంది. తర్వాతి ఇన్వాయిస్‌లో కలపడమే మేలు.

ఇక్కడ మాత్రం OUR అని ఉంది (కొత్త ఫార్మాట్‌లో DEBT). పంపమన్న మొత్తాన్ని చూపే 33Bలో 5,000 కనిపిస్తోంది. అంటే ఖర్చులన్నీ పంపినవారివే. మధ్య బ్యాంకు తన ఫీజును పంపిన బ్యాంకు నుంచి వసూలు చేసుకోవాలి తప్ప అసలును ముట్టుకోకూడదు. అయినా కోస్తుంటారు.

పంపినవాళ్ల చేత వాళ్ల బ్యాంకులో, ఆ పేమెంట్‌ను గుర్తించే UETR నంబరు ఇచ్చి ఫిర్యాదు పెట్టించాలి: "OUR పేమెంట్‌లో 35 తగ్గింది, ఎవరు కోశారో ట్రేస్ చేసి తిరిగి ఇప్పించండి." మన బ్యాంకు ఇచ్చిన జమ వివరం జతచేయాలి. ఈ విచారణకు ఫీజు ఉందేమో ముందే కనుక్కోవాలి. 35 కన్నా ఎక్కువైతే ఇన్వాయిస్ దారే నయం.